థేన్ లేని 21 రోజులు

స్కైరిమ్ అనే వీడియో గేమ్‌లో లిడియా ఒక అంగరక్షకురాలు. ఆట ఆడేవాళ్లు వైట్‌రన్ పట్టణం బయట, పడమటి కాపలా బురుజు దగ్గర మొదటి డ్రాగన్‌ను చంపి తిరిగి వస్తారు. ఆ ప్రాంతాన్ని ఏలే బాల్‌గ్రూఫ్ దొర సంతోషించి వాళ్లకు థేన్ అనే బిరుదు, ఒక గొడ్డలి, వాటితోపాటు లిడియాను ఇస్తాడు. ఇచ్చిన ఇనాముల్లో ఆమె ఒకటి. కొలువుకూటం వాకిలి దగ్గర ఉక్కు కవచం వేసుకుని నిలబడి, అప్పటిదాకా ముఖమైనా చూడని మనిషికి ప్రాణం అడ్డుపెట్టడానికి సిద్ధంగా ఉంటుంది. ఆమెది ఏ ఊరు, తల్లిదండ్రులెవరు, ఈ కొలువులోకి ఎలా వచ్చింది అన్న ముచ్చట ఆటలో ఎక్కడా రాదు. మిగతా కొందరు సహచరులకు ఉన్నట్టు ఆమెకంటూ ఒక సొంత కథ కూడా లేదు. ఆమె నోట వినిపించేవి కొద్ది మాటలే. సామాను ఇచ్చి మోయమంటే, మీ బరువులు మోస్తానని ప్రమాణం చేశాను కదా అనే అర్థం వచ్చే ఒక వాక్యం అంటుంది. ఆ వాక్యం పలికే తీరులో కాస్త విసుగు ఉన్నట్టు చాలామందికి తోచింది. ఆమె మీద వచ్చిన కథలకు ఆ ఒక్క వాక్యం దగ్గర దొరికినంత ముడిసరుకు ఇంకెక్కడా దొరకలేదు.

బెథెస్డా గేమ్ స్టూడియోస్ తయారుచేసిన స్కైరిమ్ 2011 నవంబర్ 11న విడుదలైంది. ఇది రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే ఆడేవాళ్లు ఒక పాత్రలోకి దిగి, దాని తరఫున నిర్ణయాలు తీసుకుంటూ సాగే ఆట. ఇలాంటి ఆటలను, సినిమాలను, నవలలను ఇష్టపడ్డవాళ్లు వాటి పాత్రలతో సొంతంగా రాసుకునే కథలే ఫ్యాన్ ఫిక్షన్. స్టార్ ట్రెక్ సీరియల్ అభిమానులు 1967లో స్పాకనేలియా అనే పత్రికను సొంతంగా అచ్చువేసుకున్న నాటి నుంచి ఈ రాతకు ఒక క్రమం ఏర్పడింది. దీన్ని రాసేవాళ్ల మాటల్లో మూలకృతిలో ఉన్నది క్యానన్. మూలంలో లేకపోయినా రాసేవాళ్లు తమ మనసులో ఖాయం చేసుకున్నది హెడ్‌క్యానన్. మూలకథ చూపించకుండా దాటేసిన ఘట్టాన్ని పూరించే కథ మిస్సింగ్ సీన్. లిడియా కథల్లో ఎక్కువ ఆసక్తి కలిగించేవి ఈ చివరి రకానివి. డ్రాగన్లు లేని, యుద్ధం లేని, థేన్ ఊళ్లో లేని రోజుల కథలు అవి.

ఇది తెలుగువాళ్లకు కొత్త సంగతి కాదు. లక్ష్మణుడు అన్న వెంట అడవికి వెళితే 14 ఏళ్లు ఇంట్లో మిగిలిన ఊర్మిళను వాల్మీకి పెద్దగా పట్టించుకోలేదు. తెలుగు ఆడవాళ్లు పట్టించుకుని 'ఊర్మిళాదేవి నిద్ర' పాట కట్టుకున్నారు. మన కాలంలో ఓల్గా 'విముక్త' కథలో మళ్లీ ఆ అంతఃపురం తలుపు తీశారు. వీటిని ఫ్యాన్ ఫిక్షన్ అనేయడం సరికాదు. వాటి మూలం వేరు, బరువు వేరు. కానీ పెద్ద కథ ఒక దారిన వెళ్లిపోతే ఇంటి దగ్గర మిగిలిపోయిన మనిషి వైపు తిరిగి చూడాలన్న కోరిక రెండు చోట్లా ఒకటే.

ఆటలో ఆ ఖాళీ ఎలా పుడుతుందో తెలిస్తే కథ ఎలా అల్లాలో సగం అర్థమవుతుంది. నవలలో ఖాళీని రచయిత కావాలని వదులుతాడు. స్కైరిమ్‌లో ఖాళీ ఆట కట్టుబడి నుంచే వస్తుంది. లోకాన్ని మింగడానికి ఆల్డుయిన్ అనే డ్రాగన్ వచ్చేసిందని ఆట మొదటి నుంచీ చెబుతుంది. అయినా ఆడేవాళ్లు ప్రధాన కథను పక్కనపెట్టి మంత్రవిద్య నేర్చుకోవడానికి వెళ్లినా, పూలు కోసుకుంటూ నెలలు గడిపినా ఆ డ్రాగన్ ఓపిగ్గా ఎదురుచూస్తుంది. ప్రధాన కథ ఆగిపోతుంది గానీ క్యాలెండర్ ఆగదు. బయట ఒక నిమిషం గడిస్తే ఆటలో 20 నిమిషాలు గడుస్తాయి. అంటే ఆటలో ఒక రోజు మన 72 నిమిషాలు. కథ కదలకుండా రోజులు మాత్రం దొర్లే ఈ కాలమే రాసేవాళ్లకు దొరికే జాగా.

ఆ కాలంలో లిడియా ఎక్కడుంటుంది? థేన్ 5000 బంగారు నాణేలు కట్టి వైట్‌రన్ కోట గుమ్మం దగ్గర బ్రీజ్‌హోమ్ అనే చిన్న ఇల్లు కొనుక్కోవచ్చు. కొన్నాక లిడియా మకాం అక్కడికి మారుతుంది. ఆమెను ఎక్కడైనా నిలబెట్టి ఉండమని చెబితే మూడు రోజులు అక్కడే ఉండి, ఆ తర్వాత తనంతట తానే ఇంటికి వెళ్లిపోతుంది. ఇక రానక్కర్లేదని చెప్పినా వెళ్లేది ఇంటికే. థేన్ ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడు ఆమె కుర్చీలో కూర్చునో, రొట్టె తింటూనో, మేడమీద అటూ ఇటూ తిరుగుతూనో కనిపిస్తుంది. థేన్ గడప దాటగానే ఆ ఇంటి లోపలి భాగమంతా కంప్యూటర్ మెమరీ నుంచి దిగిపోతుంది. కాబట్టి నిజానికి లిడియా ఎదురుచూడదు. ఆమెకు ఆ రోజులు లేనే లేవు. లేని ఆ రోజులను కథ రాసేవాళ్లు ఆమెకు సంపాదించి పెడతారు.

ఈ కథల్లో మంచివాటికీ మామూలువాటికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. మామూలు కథ ఆటలోని యంత్రాంగాన్ని మరిచిపోయి, లిడియాకు కొత్తగా ఒక రహస్యాన్నో, పోగొట్టుకున్న అన్ననో తగిలిస్తుంది. మంచి కథ ఆ యంత్రాంగాన్నే ఆమె బతుకులో నిజంగా జరిగిన సంగతిగా తీసుకుంటుంది. ఉదాహరణకు థేన్ సొంత ఇంట్లో పెట్టుకున్న సామాను ఎన్నాళ్లయినా చెక్కుచెదరదు. అందుకే ఆడేవాళ్లు దొరికిందల్లా తెచ్చి అక్కడ పడేస్తారు. ఆట లెక్కలో డ్రాగన్ ఎముక ఒక్కోటి 15 బరువు, పొలుసు 10. మొదట్లో మనిషి మోయగలిగింది 300 మాత్రమే. అంటే 20 ఎముకలతోనే సంచి నిండిపోతుంది. ఆడేవాళ్లకు ఇది సామాను లెక్క. లిడియా వైపు నుంచి చూస్తే, రాత్రి తాను పడుకునే ఇంట్లో పెట్టె నిండా చచ్చిన డ్రాగన్ ఎముకలున్నాయి. కథకు ఇంతకన్నా వేరే రహస్యం అక్కర్లేదు.

అలాంటి కథ ఒకదాన్ని మొదటి నుంచి అల్లి చూస్తే పద్ధతి తెలుస్తుంది. ముందు తేదీలు తేల్చుకోవాలి. స్కైరిమ్ కథ నాలుగో యుగం 201వ సంవత్సరంలో లాస్ట్ సీడ్ నెల 17న మొదలవుతుంది. మన ఆగస్టు లాంటి నెల అది, 31 రోజులుంటాయి. దాని తర్వాత వచ్చే హార్త్‌ఫైర్ సెప్టెంబరు లాంటిది. థేన్ లాస్ట్ సీడ్ 25న హై హ్రోత్‌గార్ మఠానికి ఒంటరిగా బయలుదేరినట్టు అనుకుందాం. కొండ మీదికి 7000 మెట్లు. అక్కడి ముసలి గురువులు ఉస్టెన్‌గ్రావ్ అనే పాత సమాధి నుంచి ఒక కొమ్ముబూర తెమ్మంటారు. థేన్ ఆ పని మీద పోతూ దారిలో ఇంకేవో పనులు నెత్తిన వేసుకుని హార్త్‌ఫైర్ 15న ఇల్లు చేరతారు. మొత్తం 21 రోజులు. నిద్ర, తొందర ప్రయాణం వంటి కాలం దూకించే సౌకర్యాలు వాడకపోతే ఆడేవాళ్లకు ఇది 25 గంటల పైచిలుకు ఆట. ఆ 25 గంటల్లో లిడియా ఒక్కసారి కూడా తెర మీదికి రాలేదు.

రెండో ప్రశ్న, థేన్ ఆమెను ఎందుకు వదిలి వెళ్లారు. ఆట ఆడినవాళ్లకు దీనికి జవాబు బాగా తెలుసు. సహచరులు ఇరుకు గుమ్మాల్లో అడ్డంగా నిలబడతారు. నేల మీది మీట తొక్కి ఉచ్చులు పేలుస్తారు. దొంగచాటుగా నడుస్తుంటే వెనక నుంచి కవచం చప్పుడు చేసుకుంటూ వచ్చి శత్రువును లేపుతారు. విసుగెత్తి చాలామంది లిడియాను ఇంటికి పంపేస్తారు. దీన్ని కథలోకి తెచ్చేటప్పుడు ప్రోగ్రామింగ్ లోపం అని వెక్కిరిస్తే కథ అక్కడే చస్తుంది. దాన్ని ఆమె మనసులోని నేరంగా మార్చాలి. బయలుదేరే ముందు వారం ఒక గుహలో ఆమె కాలు మీట మీద పడింది, మంట ఎగజిమ్మి థేన్ చెయ్యి కాలింది. థేన్ ఏమీ అనలేదు. ఆ తర్వాత కొండకు ఒంటరిగా వెళ్లారు. తనను వదిలి వెళ్లడానికి కారణం ఆ మీటేనా, లేక మెట్లెక్కే దారికి తోడు అక్కర్లేదనా? 21 రోజులూ ఆమెను తొలిచే ప్రశ్న ఇదే. అడగడానికి ఎదురుగా మనిషి లేడు.

ఇక కథకు ఊళ్లో ఒక మనిషి కావాలి. కొత్త పాత్రను పుట్టించనక్కర్లేదు. బ్రీజ్‌హోమ్ పక్కనే వార్‌మెయిడెన్స్ అనే కమ్మరి కొట్టు ఉంది. లోపల బేరం భర్త ఉల్ఫ్‌బెర్త్ చూసుకుంటాడు, బయట కొలిమి దగ్గర సుత్తి ఆడించేది ఏడ్రియాన్. ఆమె తండ్రి ప్రోవెంటస్ దొరగారి దివాను, బ్రీజ్‌హోమ్‌ను థేన్‌కు అమ్మిందీ ఆయనే. ఇవన్నీ ఆటలో ఉన్నవే. లిడియాకు తోలు పట్టీలు కావాలంటే పది అడుగులు వేస్తే చాలు. ఆ కథలో ఒక చోటు ఇలా ఉండవచ్చు:

తొమ్మిదో రోజు పొద్దున లిడియా ఇల్లు ఊడ్చి, పెట్టె మూత ఎత్తింది. ఎముకలు లెక్కపెట్టింది. నిన్న ఎన్నున్నాయో ఇవాళా అన్నే. కాలిన వాసన ఇంకా పోలేదు. మూత వేసి, మేడ మెట్లు ఎక్కింది, మళ్లీ దిగింది. నాలుగో మెట్టు దగ్గర మోకాలి కట్టు ఖణేల్‌మంది.

కొలిమి దగ్గర ఏడ్రియాన్ తలెత్తకుండానే అంది, "రాత్రంతా మెట్లెక్కి దిగుతున్నావు. మాకు నిద్ర లేదు."

"నాలుగు తోలు పట్టీలు కావాలక్కా."

"కవచానికా? కట్లు గట్టిగానే ఉన్నాయే."

"గట్టిగానే ఉన్నాయి. చప్పుడు చేస్తున్నాయి."

ఏడ్రియాన్ సుత్తి పక్కనపెట్టి ఆమె మోకాలి వైపు చూసింది. తర్వాత ముఖం వైపు చూసింది. "మీ థేన్ గారి కబురేమైనా తెలిసిందా?"

"లేదక్కా."

ఏడ్రియాన్ బల్ల కింద నుంచి ఆరు పట్టీలు తీసి ఇచ్చింది. నాలుగింటికే డబ్బు తీసుకుంది.

ఇందులో ఏ సంఘటనా లేదు. కానీ లిడియాకు ఒక కోరిక ఉంది, అది చేతికి పని చెప్పింది, ఆ పని పక్కింటి మనిషి కంట పడింది. నిశ్శబ్దంగా సాగే ఘట్టం నిలబడేది ఈ మూడింటి మీదే. ఆమె ఎంత బాధపడుతోందో కథ ఎక్కడా చెప్పలేదు. మెట్లు చెప్పాయి, రెండు పట్టీలు ఎక్కువ ఇచ్చిన చెయ్యి చెప్పింది. ఇదే చోట కిటికీలోంచి చంద్రుణ్ని చూస్తూ ఆమె తన ఒంటరితనం గురించి ఒక పేజీ ఆలోచిస్తే, ఆ పేజీని తీసి ఏ ఆటలోని ఏ పాత్రకైనా అతికించవచ్చు. అలా తీసి అతికించడానికి వీలవుతోందంటే అది లిడియా కథ కాలేదన్నమాట. ఇలాంటి కథలకు ఇది నమ్మదగిన పరీక్ష.

పై ఘట్టంలో థేన్ ఆడో మగో తెలియదు. అది పొరపాటు కాదు. స్కైరిమ్‌లో ఆడేవాళ్లు 10 జాతుల్లో దేన్నైనా ఎంచుకోవచ్చు. ఆడైనా మగైనా కావచ్చు, ఏ పేరైనా పెట్టుకోవచ్చు. చదివే ప్రతి ఒక్కరి మనసులో వాళ్లు ఆడిన థేన్ ఒకరు ఉంటారు. కథలో ఆ రూపం ఖాయం చేస్తే సగం మంది పాఠకులకు అది పరాయి మనిషి కథ అయిపోతుంది. చిన్న పాత్ర కళ్లతో రాయడంలో ఉన్న పెద్ద లాభం ఇదే. లిడియా తన యజమానిని పేరు పెట్టి పిలవదు. బిరుదుతోనే సంబోధిస్తుంది. ఇంగ్లీషులో రాసేవాళ్లు అతడు, ఆమె అనే సర్వనామాలు తప్పించుకోవడానికి వాక్యాలను చాలా వంచాల్సి వస్తుంది. తెలుగులో వచ్చాడు, వచ్చింది అని క్రియే లింగాన్ని బయటపెడుతుంది కాబట్టి ఇంకా కష్టమేమో అనిపిస్తుంది. కానీ గౌరవ వాచకం ఆదుకుంటుంది. "థేన్ గారు వచ్చారు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు, అంగరక్షకురాలి నోట అది సహజంగానూ ఉంటుంది. తెలుగు వ్యాకరణం ఈ రకం కథకు ఇంత చక్కగా కుదరడం చెప్పుకోదగ్గ విషయం.

కథ చెడిపోయే దారుల్లో ఎక్కువగా కనిపించేది లిడియాను పెద్దది చేయడం. థేన్ లేనప్పుడు వైట్‌రన్ మీద డ్రాగన్ వచ్చి పడుతుంది, ఆమె ఒక్కతే దాన్ని చంపుతుంది, ఊరంతా జేజేలు కొడుతుంది. స్టార్ ట్రెక్ అభిమానుల పత్రికలో పౌలా స్మిత్ 1973లో రాసిన ఒక వ్యంగ్య కథ నుంచి ఇలాంటి పాత్రకు మేరీ సూ అనే పేరు స్థిరపడింది. లోకమంతా తన చుట్టే తిరిగే, అన్నీ చేతనైన పాత్ర అని దాని అర్థం. లిడియా డ్రాగన్‌ను చంపకూడదనేమీ లేదు. ఆటలో ఆమె థేన్ పక్కన నిలబడి చాలా డ్రాగన్లతో పోరాడుతుంది. కానీ ఆమెను నాయికగా నిలబెట్టగానే, ఎవరూ చూడని మనిషిని చూడాలనే ఈ కథ ఉద్దేశం పోతుంది. అప్పుడది థేన్ కథే, థేన్ జాగాలో లిడియా పేరు ఉందంతే.

రెండో చిక్కు భాషది. లెవెల్, ఆరోగ్యపు గీత, క్వెస్ట్ వంటి తెర మీది మాటలు లిడియా నోట్లోకి వస్తే పాఠకుడు ఒక్కసారిగా కథలోంచి బయట పడతాడు. ఆమెకు తెలిసింది గాయం, అలసట, దొరగారి ఆజ్ఞ. అలాగే గంటల లెక్క. వైట్‌రన్ కొట్లు పొద్దున 8కి తెరుస్తారని ఆడేవాళ్లకు తెలుసు, ఎందుకంటే తెర మీద గడియారం చూడవచ్చు. లిడియాకు తెలిసేది సుత్తి చప్పుడు మొదలవడం, సంతలో కార్లోటా కూరగాయల బల్ల సర్దుకోవడం. అవే ఆమె గడియారం. ఆటను వందల గంటలు ఆడినవాళ్లే ఈ పొరపాటు ఎక్కువగా చేస్తారు, తెర వాళ్ల కళ్లకు అంతగా అలవాటైపోయింది కాబట్టి.

కథ ముగింపులో అన్నిటికన్నా బిగుతైన నియమం ఒకటి ఎదురవుతుంది. మిస్సింగ్ సీన్ ఎంత దూరం వెళ్లినా, థేన్ తలుపు తీసే సరికి ఆట వదిలిన చోట అన్నీ వదిలినట్టే ఉండాలి. లిడియా కుర్చీలో ఉండాలి, ఉక్కు కవచం ఉక్కు కవచంలాగే కనిపించాలి, నోట అదే మాట రావాలి. ఆమె ఊరు వదిలి పోయినా, కొత్త ప్రేమ దొరికి మారిపోయినా అది క్యానన్‌ను వదిలి వేరే దారి పట్టిన కథ అవుతుంది. ఆ రకానికీ పాఠకులున్నారు, కానీ దాని కొలతలు వేరు. ఇక్కడ మార్పంతా బయటికి కనిపించని చోట జరగాలి. తోలు పట్టీలు పనికొచ్చేది అందుకే. అవి కవచం కట్ల లోపలి వైపు చుట్టి ఉంటాయి. ఆటలోని ఏ బొమ్మా వాటిని చూపించదు, ఏ బొమ్మా వాటిని కాదనదు.

హార్త్‌ఫైర్ 15 సాయంత్రం తలుపు తెరుచుకుంటుంది. థేన్ గారు దుమ్ము కొట్టుకుపోయి వస్తారు. పలకరింపు లేదు, గుహ మాట లేదు, కొండ మాట లేదు. భుజం మీది సంచి దించి ఆరు కొత్త ఎముకలు ఆమె చేతుల్లో పెడతారు. ఆట లెక్కలో 90 బరువు. లిడియా ఆటలో ఎప్పుడూ అనే ఆ ఒక్క వాక్యమే అంటుంది. వైట్‌రన్ గుమ్మం దాటి ఇద్దరూ చీకట్లోకి నడుస్తారు. కొలిమి ఆర్పుకుంటున్న ఏడ్రియాన్ వాళ్లు వెళ్లిన వైపు చెవి పెడుతుంది. ఒక మనిషి అడుగులే వినిపిస్తాయి.